మైలురాయి నోట్ వెనక్కి వచ్చింది, ఎలా తిరగరాయాలి?

బెజవాడ_పీఎంఓ
మాది విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే క్లయింట్‌కి స్టాకు, అద్దె లెక్కల అప్లికేషన్ చేస్తున్నాం. కాంట్రాక్టు 18 లక్షలు. మూడో మైలురాయి యూఏటీ, అంటే క్లయింట్ మనుషులే వాడి చూసి అంగీకరించే పరీక్ష. దానికి 25 శాతం. మా ప్రాజెక్ట్ మేనేజర్ పంపిన నోట్‌ని వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు "సపోర్టింగ్ లేదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. తిరగరాయమని నాకిచ్చారు. ఇంగ్లీషులో ఉన్నదాని సారాంశం ఇది:

"మూడో మైలురాయి విజయవంతంగా పూర్తయింది. మా బృందం రాత్రింబవళ్ళు శ్రమించి అన్ని మాడ్యూళ్ళూ అందించింది. మీ సిబ్బంది పూర్తి సంతృప్తి వ్యక్తం చేశారు. తదుపరి విడత వీలైనంత త్వరగా విడుదల చేయగలరు."

పని నిజంగానే అయింది. సంతకం పెట్టిన యూఏటీ షీటు కూడా ఉంది. నోట్‌లో ఏం మార్చాలి?

కాంట్రాక్టర్_ఖమ్మం
డబ్బు ఆపడం అందరికీ ఉన్నదే తమ్ముడూ. మాకైతే ఏఈ ఎం-బుక్‌లో కొలతలు ఎక్కించి, డీఈ చెక్ మెజర్‌మెంట్ చేస్తే తప్ప ఆర్‌ఏ బిల్లు కదలదు. వెళ్ళి అకౌంట్స్ ఆఫీసులో కూర్చో, ఫోన్లతో పని జరగదు.

బెజవాడ_పీఎంఓ
అన్నా, వాళ్ళు డబ్బు ఆపాలని చూడట్లేదు. నోట్‌లో ఆధారం కనపడట్లేదంటున్నారు. నాకు కావాల్సింది రాత.

బిల్లింగ్_డెస్క్
ఖమ్మం అన్న చెప్పినదాంట్లోనే మీ జవాబుంది. ఎం-బుక్‌లో ఏ పేజీ, ఎవరి సంతకం అన్నది చూసి బిల్లు పాస్ చేస్తారు. మీ నోట్ చదివే అకౌంట్స్ మనిషి మీ అప్లికేషన్ ఎప్పుడూ తెరిచి ఉండడు. ఆయన ముందుండేది పర్చేజ్ ఆర్డరు, చెల్లింపుల షెడ్యూలు. ఇది ఏ వరుసకి సంబంధించింది, అక్కడ పెట్టిన షరతు ఏమిటి, ఏ తేదీన తీరింది, ఏ కాగితం చూపిస్తుంది, ఎంత ఇవ్వాలి అని చూస్తాడు. "సంతృప్తి"కి షెడ్యూల్లో వరుస లేదు, "రాత్రింబవళ్ళు"కి అంతకన్నా లేదు. ఆ రెండూ తీసేయండి.

రాసేముందు మూడు చెప్పండి. అంగీకారం గురించి కాంట్రాక్టు మాటలు యథాతథంగా ఏమిటి? షీటు మీద సంతకం ఎవరిది? ఫెయిలైన టెస్టులున్నాయా?

బెజవాడ_పీఎంఓ
క్లాజ్ 7.3: తీవ్రత 1, 2 లోపాలు ఒక్కటీ తెరిచి ఉండకూడదు. తీవ్రత 3 వి ఐదు దాకా ఉండొచ్చు, సరిచేసే తేదీలు ఇవ్వాలి. అంగీకరించాల్సింది వాళ్ళ ఐటీ హెడ్.

మొత్తం 64 టెస్టుల్లో 61 పాస్. 22, 41, 57 ఫెయిల్, మూడూ తీవ్రత 3. నవంబర్ 14న సంతకం పెట్టింది ప్లాంట్ మేనేజర్. 41లో ఒక లాటు 120 టిక్కీల నుంచి 45 బయటికి తీస్తే నిల్వ 75 అని సరిగ్గానే చూపిస్తోంది, రసీదు మీద మాత్రం రైతు పేరు సగంలో తెగిపోతోంది. దాని పక్కన ఆయన పెన్నుతో "ప్రింట్ సరిచేసే షరతుపై" అని రాశారు. 17న ఐటీ హెడ్ మెయిల్ పెట్టారు: "చూశాను, ట్రైనింగ్ మొదలుపెట్టండి."

ఉద్యమ్_వాలా
ఇంత తిప్పలెందుకండీ? ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 15 రోజుల్లో వాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. 45 రోజులు దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ. ఆ సెక్షన్లు నోట్‌లో రాసి పంపండి, దారికొస్తారు.

బిల్లింగ్_డెస్క్
సెక్షన్లు ఉన్నమాట నిజమే, 2006 చట్టంలో 2(బి), 15, 16. కానీ మీ కంపెనీ మైక్రో లేదా స్మాల్‌గా నమోదై ఉంటేనే అవి పనికొస్తాయి. పైగా ఇక్కడ అభ్యంతరం లేదని ఎలా అంటాం? పెన్నుతో రాసిన ఆ ముక్కే రాతపూర్వక అభ్యంతరం అని వాళ్ళు వాదించగలరు. అప్పుడు మీరు దాన్ని సరిచేసిన రోజే అంగీకారపు రోజు అవుతుంది. బాకీ మొండికేసినప్పుడు వాడాల్సిన సెక్షన్లని మొదటి క్లెయిమ్‌లోనే పెడితే, రేపు ఫైలు అకౌంట్స్ నుంచి లాయర్ టేబుల్ మీదికి పోతుంది.

మీ అసలు చిక్కు సంతకం. ప్లాంట్ మేనేజర్ పరీక్షించారు, అది పరీక్షకి సాక్ష్యం. అంగీకారం ఐటీ హెడ్ చేతిలో ఉంది. "ట్రైనింగ్ మొదలుపెట్టండి" అన్న మాటని అంగీకారమని నోట్‌లో రాయొద్దు. ఎవరైనా ఆయనకి ఫోన్ చేసి అడిగితే మీ నోట్ అక్కడే కూలిపోతుంది. ముందు ఆయనకి షీటు జతచేసి చిన్న మెయిల్ పెట్టండి: "జతచేసిన ఫలితాలను క్లాజ్ 7.3 కింద అంగీకరిస్తున్నట్టు బదులివ్వగలరు." ఆ బదులే మీ ఆధారం.

ఆడిట్_అక్క
నేను కొనేవాళ్ళ వైపు ఇంటర్నల్ ఆడిట్‌లో ఉంటాను. ఇంకొకటి చూసుకోండి. షీటు మీద వెర్షన్ నంబరుందా? పరీక్ష ఒక బిల్డ్ మీద జరిగి, ప్రింట్ సరిచేసిన బిల్డ్ ఇంకొకటి అయితే, పాత సంతకం కొత్త బిల్డ్‌కి వర్తిస్తుందా అని నేనైతే తప్పకుండా అడుగుతాను.

బెజవాడ_పీఎంఓ
షీటు మీద 2.3.1 ఉంది అక్కా. ప్రింట్ సరిచేసింది 2.3.2. అందులో రసీదు టెంప్లేట్ ఒక్కటే మారింది.

ఆడిట్_అక్క
అయితే 64 మళ్ళీ చేయక్కర్లేదు. 41ని 2.3.2 మీద మళ్ళీ చేయించి, ఆ ప్లాంట్ మేనేజర్‌తోనే తేదీ వేసి సంతకం పెట్టించండి. ఏం మారిందో రిలీజ్ నోట్‌లో ఒక వాక్యం ఉండాలి. ఆ రెండూ ఐటీ హెడ్‌కి పెట్టే మెయిల్లోనే జతచేయండి.

బిల్లింగ్_డెస్క్
సరైన మాట. అవన్నీ చేతికొచ్చాక నోట్ ఇలా ఉంటే చాలు. ఖాళీలు మీరు నింపుకోండి:

"విషయం: పర్చేజ్ ఆర్డర్ ____, మైలురాయి 3 (యూఏటీ) చెల్లింపు క్లెయిమ్.

చెల్లింపుల షెడ్యూల్ వరుస 3 ప్రకారం, క్లాజ్ 7.3 కింద అంగీకారం వచ్చాక కాంట్రాక్టు విలువలో 25 శాతం చెల్లించాలి. ఐటీ హెడ్ ____ తేదీ మెయిల్ ద్వారా అంగీకరించారు (జత 1).

వెర్షన్ 2.3.1 మీద 64 టెస్టుల్లో 61 పాసయ్యాయి. నవంబర్ 14 నాటి సంతకంతో ఫలితాల షీటు జత 2. అందులో టెస్ట్ 41 పక్కన రాసిన షరతును వెర్షన్ 2.3.2లో తీర్చాం. మళ్ళీ పరీక్షించిన షీటు, రిలీజ్ నోట్ జత 3. తీవ్రత 1, 2 లోపాలు లేవు. టెస్ట్ 22, 57 తీవ్రత 3 కింద తెరిచి ఉన్నాయి, ____ లోగా సరిచేస్తాం.

క్లెయిమ్: రూ. 4,50,000, జీఎస్టీ 18 శాతం రూ. 81,000, మొత్తం రూ. 5,31,000."

తెరిచి ఉన్న రెండింటినీ దాచకండి. 7.3 ఐదు దాకా ఒప్పుకుంటోంది కదా, అవి మీ క్లెయిమ్‌కి అడ్డం కావు. షీటు చూసిన మనిషికి 61 అని కనపడి, నోట్‌లో ఆ ఊసే లేకపోతే మిగతావన్నీ అనుమానంగానే చదువుతాడు.

బెజవాడ_పీఎంఓ
మా మేనేజర్‌కి చూపించాను. "ఫెయిల్ అన్న మాట మనమే రాసిస్తామా?" అన్నారు. 7.3 పక్కన పెట్టి చదివాక సరేనన్నారు. 41 రేపు మళ్ళీ చేయిస్తున్నాం. ఇన్వాయిస్ ఎప్పుడు ఇవ్వాలి? నోట్‌తోనా, ఐటీ హెడ్ బదులొచ్చాకా?

ఉద్యమ్_వాలా
బదులొచ్చాకే. ఈలోగా ప్రొఫార్మా ఇవ్వండి, లేకపోతే డబ్బు రాకముందే 81,000 జీఎస్టీ మీ జేబులోంచి కట్టాలి.

ఆడిట్_అక్క
అంత తేలిగ్గా చెప్పలేం. సీజీఎస్టీ సెక్షన్ 31(5) ప్రకారం చెల్లింపు ఒక ఘట్టానికి ముడిపడి ఉంటే, ఆ ఘట్టం పూర్తయ్యే తేదీకల్లా ఇన్వాయిస్ ఇవ్వాలి. ఘట్టం అంటే పరీక్ష ముగిసిన నవంబర్ 14నా, ఐటీ హెడ్ అంగీకరించే రోజా? షెడ్యూల్ వరుస 3లో "యూఏటీ పూర్తి" అనుందా, "యూఏటీ అంగీకారం" అనుందా?

బెజవాడ_పీఎంఓ
షెడ్యూల్లో "పూర్తి", క్లాజ్‌లో "అంగీకారం" అని ఉంది.

బిల్లింగ్_డెస్క్
రెండూ కలిపి చదివితే నేను అంగీకారమనే అంటాను. కానీ మీ సీఏ 14 అంటే కాదనడానికి నా దగ్గర గట్టి ఆధారం లేదు. నోట్ పంపేముందే ఆయన్ని అడగండి, ఇన్వాయిస్ తేదీ నోట్‌లోని అంగీకారం తేదీతో పొంతన లేకుండా ఉంటే అకౌంట్స్ మళ్ళీ అక్కడే ఆగుతుంది.