పక్క సంపాదనకి రిటర్న్ వెయ్యాలా? (కావలి, బ్లౌజుల లెక్క)

కావలి మగ్గం: నాకు ఒక ఆఫీసులో నెలకి 32,000 జీతం. ఇంటికాడ బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. శ్రావణంలో, పెళ్ళిళ్ళ నెలల్లో చేతినిండా పని, మిగతా రోజుల్లో ఏమీ ఉండదు. 2025-26లో మొత్తం 1,46,000 వచ్చింది. అందులో 1,10,000 ఫోన్‌పేలో, మిగతాది చేతికి. ఇది చూపించాలా?

సింగరాయకొండ: 12 లక్షల దాకా ట్యాక్సే లేదు కదక్కా. రిటర్న్ జోలికి పోవద్దు.

నెల్లూరు లెక్కలు: తమ్ముడూ, సగమే కరెక్టు. కొత్త విధానంలో 12 లక్షల దాకా కట్టాల్సింది సున్నా, నిజమే. కానీ అది రిబేటు వల్ల. రిటర్న్ వెయ్యాల్సిన గీత 4 లక్షల దగ్గరే ఉంది. ట్యాక్స్ పడకపోయినా ఆ గీత దాటితే రిటర్న్ వెయ్యాల్సిందే.

అమ్మా, జీతం ఏడాదికి 3,84,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 3,09,000. ఇక కుట్టు మీద మిగిలిందెంతో చెప్పండి. వచ్చిందంతా ఆదాయం కాదు, ఖర్చులు పోవాలి.

కావలి మగ్గం: లైనింగ్, జరీ, పూసలు, దారాలకి 31,000. హెమ్మింగ్‌కి వచ్చే అమ్మాయికి 18,000. ఆగస్టులో పవర్ మిషన్ 24,000 పెట్టి కొన్నాం. అంతా తీస్తే 73,000. జీతంతో కలిపి 3,82,000. అయితే గీత కిందే ఉన్నాను కదా?

నెల్లూరు లెక్కలు: అందరూ తప్పేది ఇక్కడే. మిషన్ ఏళ్ళ తరబడి పనిచేసే వస్తువు, దాని ధర మొత్తం ఒకే ఏడాది ఖర్చులో రాయకూడదు. ఏడాదికి 15 శాతం తరుగుదల రాసుకోవాలి, అంటే 3,600. మార్చిలోపు 180 రోజుల కన్నా తక్కువ వాడి ఉంటే అందులో సగమే. మీది ఆగస్టు కాబట్టి పూర్తిగా వస్తుంది. అప్పుడు మిగిలేది 93,400, మొత్తం 4,02,400. గీత దాటారు. ట్యాక్స్ లెక్క 120 రూపాయలు తేలుతుంది, రిబేటులో అదీ పోతుంది. గడువు దాటించి వేస్తే మాత్రం 1,000 లేటు ఫీజు.

సింగరాయకొండ: మరి చిన్న వ్యాపారాలకి వచ్చినదాంట్లో 8 శాతమే లాభంగా చూపిస్తే చాలంటారే? ఫోన్‌లో వచ్చినదానికి 6 శాతం. అట్టా అయితే 6,600, 2,880 కలిపి 9,480. అసలు రిటర్నే అక్కర్లేదు!

నెల్లూరు లెక్కలు: ఇది ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ సంగతి. అందులో 8 శాతం గానీ, అంతకన్నా ఎక్కువ సంపాదించానని మీరు చెప్పే మొత్తం గానీ అని ఉంది. నిజంగా 93,400 మిగిలినా 9,480 చూపించవచ్చా అన్నదాని మీద మా వాళ్ళలోనే రెండు మాటలున్నాయి. నా మట్టుకు నేను పుస్తకంలో కనిపించేదే రాయమంటాను. ఐటీఆర్-4లో 93,400 రాసెయ్యవచ్చు, పెద్ద ఫారం అక్కర్లేదు. ఐటీఆర్-1లో మాత్రం వెయ్యొద్దు, అందులో వ్యాపార ఆదాయానికి చోటు లేదు.

ఒంగోలు పాలసీ: అన్నా, నాకు ఇన్సూరెన్స్ కమీషన్‌లో టీడీఎస్ పట్టారు. నేనూ ఈ 8 శాతం రాసుకోవచ్చా?

నెల్లూరు లెక్కలు: మీకు కుదరదు, కమీషన్‌కి 44ఏడీ వర్తించదు. మీ పేరున పట్టిన ట్యాక్స్ వివరాలుండే 26ఏఎస్‌లో ఎంత పట్టారో చూసుకుని రిటర్న్ వెయ్యండి. గీత లోపలున్నా వేస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. వివరం కావాలంటే వేరే ప్రశ్నగా అడగండి, ఇది కుట్టు లెక్క.

అమ్మా, పుస్తకం ఇట్టా పెట్టుకోండి: తేదీ, ఎవరిది, ఏం కుట్టారు, డబ్బు ఎంత, ఫోనా చేతికా. డబ్బు చేతికందిన రోజునే రాయండి, అడ్వాన్సు అయినా సరే. "12-8, పట్టు బ్లౌజు, అడ్వాన్సు 500, ఫోన్", తర్వాత "20-8, అదే బ్లౌజు, బాకీ 1,300, చేతికి". ఒక్క వరసలో 1,800 అని రాస్తే మార్చిలో తీసుకున్న అడ్వాన్సు ఏప్రిల్లోకి జారిపోతుంది.

ఇంకోటి. చీటీ పాట డబ్బు, తమ్ముడు పంపింది కూడా అదే ఫోన్‌పేలో పడుతుంది. ఆ రోజే పక్కన "చీటీ" అని గీకెయ్యండి. ఏడాది తర్వాత స్టేట్‌మెంట్ చూసి ఏది బ్లౌజో ఏది చీటీయో ఎవరికీ గుర్తుండదు.

కావలి మగ్గం: మిషన్ బిల్లు మా ఆయన పేరున ఉందండీ.

నెల్లూరు లెక్కలు: డబ్బు ఎవరి ఖాతాలోంచి పోయింది? ఆయనదే అయితే ఆ 3,600 మీరు రాసుకోవడం కష్టం. అప్పుడు మొత్తం 4,06,000 అవుతుంది. ఎట్టా చూసినా రిటర్న్ తప్పదు.

కావలి మగ్గం: సగం నాది, సగం ఆయనది.