ఇనిషియల్స్ కలిసిన పేర్లు: పత్రాలు వేరొకరి ఖాతాలో చేరితే ఎలా?

రసాయన పరిశోధకురాలు: K. Srinivasa Rao అనే పేరును ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో కె ఇంటిపేరు, శ్రీనివాసరావు పెట్టిన పేరు. చాలా పత్రికలు చివరి మాటనే ఇంటిపేరుగా లెక్కించడం వల్ల ఆయన ఒకచోట Rao KS గా, మరోచోట Srinivasa Rao K గా నమోదవుతారు. నా పేరుకూ ఇదే గతి పట్టింది. పరిశోధన పత్రాల డేటాబేస్ అయిన స్కోపస్‌లో నా పత్రాలు రెండు ప్రొఫైళ్లుగా చీలిపోయాయి, వాటిలో ఒకదానిలో నాకు తెలియని భౌతికశాస్త్ర పత్రాలు కూడా చేరాయి. దీన్ని ఎలా సరిచేయించాలి?

కొత్త అధ్యాపకుడు: పరిశోధకులను గుర్తించే ఆర్కిడ్ ఐడీ తీసుకోండి. పదహారు స్థానాల ఆ సంఖ్య ఒక్కరికే ఉంటుంది కనుక పాత పత్రాలన్నీ వాటంతట అవే మీ పేరు కిందికి వస్తాయి.

గ్రంథాలయ బాధ్యుడు: మొదటి మాట నిజమే కానీ రెండోది కాదు. 2012లో మొదలైన ఆర్కిడ్‌లో మనిషి తనంతట తాను నమోదవుతాడు, స్కోపస్ రచయిత సంఖ్యను మాత్రం సాఫ్ట్‌వేర్ పేరు, సంస్థ, సహరచయితల వంటి ఆధారాలతో ఊహించి కేటాయిస్తుంది. అందువల్ల ముందుగా స్కోపస్‌లోనే రచయితల దిద్దుబాటు ఫారం ద్వారా రెండు ప్రొఫైళ్లను కలపమనీ, మీవి కాని పత్రాలను తీసివేయమనీ కోరండి. తరువాత ఆర్కిడ్‌లో మీ పేరు అచ్చయిన రూపాలన్నీ ఇతర పేర్ల గడిలో చేర్చి, పాత పత్రాలను వాటి శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన డీఓఐతో జతచేయండి. ఇకమీదట పత్రం పంపేటప్పుడు సంఖ్యను చేత్తో టైపు చేయకుండా ఆర్కిడ్‌లో లాగిన్ అయి అనుమతివ్వండి. ప్రచురణకర్త ఆ సంఖ్యను డీఓఐలు నమోదుచేసే సంస్థ క్రాస్‌రెఫ్‌కు పంపితే, మీ అనుమతి మేరకు కొత్త పత్రం దానంతట అదే మీ రికార్డులో చేరుతుంది. ఇప్పటికే అచ్చయిన పత్రపు వివరాల్లో సంఖ్య చేరాలంటే ప్రచురణకర్తే వాటిని మళ్లీ పంపాలి.

సముద్రశాస్త్ర విద్యార్థి: నా ఆర్కిడ్ సంఖ్య చివర X ఉంది. ఇది పొరపాటు సంఖ్యేనా? పైగా సంస్థ మారినప్పుడు పాత మెయిల్ అందుబాటులో లేక ఇంకో ఐడీ తెరిచాను.

గ్రంథాలయ బాధ్యుడు: X పొరపాటు కాదు. చివరి స్థానం ముందున్న పదిహేను అంకెల నుంచి లెక్కకట్టిన తనిఖీ గుర్తు, లెక్క పది వస్తే అక్కడ X రాస్తారు. రెండు ఐడీలు మాత్రం ఇబ్బందే. ఖాతా సెట్టింగుల్లో నకలు రికార్డును తొలగించే వీలుంది. ఆ తరువాత పాత సంఖ్య కొత్తదానికి దారి చూపుతుంది కానీ, అందులోని పత్రాల జాబితా కొత్తదానికి రాదు కనుక ముందే ఎక్కించుకోండి.

జీవశాస్త్ర ఆచార్యురాలు: ఒక హెచ్చరిక చేయాలి. ఆర్కిడ్‌లో ఎవరైనా ఏ పత్రాన్నైనా తనదని చేర్చుకోవచ్చు. నియామక దరఖాస్తులు చూసేటప్పుడు నేను ప్రతి పత్రం పక్కన ఉండే మూలం గమనిస్తాను. అక్కడ క్రాస్‌రెఫ్ పేరుంటే నమ్మకం ఎక్కువ, రచయిత పేరే ఉంటే పత్రాన్ని తెరిచి చూస్తాను.

రసాయన పరిశోధకురాలు: స్కోపస్‌కు కోరిక పంపాను. ఇకపై ఇంటిపేరు పూర్తిగా రాయమని ఒకరు, పాత రూపమే కొనసాగించమని మరొకరు అంటున్నారు. ఆర్కిడ్‌లో ఇంటిపేరు గడి తప్పనిసరి కాదు, పత్రికల ఫారాల్లో మాత్రం అది ఖాళీగా వదలనివ్వరు. అక్కడ ఒక్క K రాస్తే ఉల్లేఖనంలో పై ఉదాహరణలోని పేరు K, S. R. అవుతుంది. మీలో ఎవరైనా మధ్యలో రూపం మార్చుకున్నారా?

జీవశాస్త్ర ఆచార్యురాలు: నేను పూర్తి ఇంటిపేరుకు మారాను. కొత్త పత్రాలు చక్కగా ఒకచోటే చేరుతున్నాయి, పాతవాటిని మాత్రం ఇప్పటికీ చేత్తోనే జతచేస్తున్నాను.