పొట్ట నిండా నీరుంటే నీటి మాత్రలు ఆపేశారు, అల్బుమిన్ ఎక్కిస్తున్నారు. అవసరమా, బిల్లు కోసమా?

బందరు మేనల్లుడు
మా మావయ్యకు 54 ఏళ్లు, లివర్ సిరోసిస్. పొట్ట నిండా నీరు, కాళ్ల వాపు. నెల కిందట క్రియాటినిన్ 0.8, ఇప్పుడు 2.4. మూత్రం రోజుకు 400 మి.లీ. కూడా రావట్లేదు. ఇలాంటప్పుడు నీరు లాగే మాత్రలు పెంచాలి కదా, పూర్తిగా ఆపేశారు. నడుం నొప్పి మాత్ర కూడా వద్దన్నారు. రోజుకు మూడు అల్బుమిన్ బాటిళ్లు తెమ్మంటున్నారు. ఇది నిజంగా అవసరమా?

లెక్కల మాస్టారు
బిల్లు కోసమే బాబూ. మా నాన్నగారికి ఒళ్లంతా నీరు పట్టి కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు లాసిక్స్ ఇంజెక్షన్లు ఇచ్చారు, రాత్రికి రాత్రే వాపు దిగింది. ఆయనకు సుగరూ, గుండె బలహీనతా ఉన్నాయి, అయినా బాగానే పనిచేసింది. ఒకరికి ఇచ్చే మందు ఇంకొకరికి ఎందుకు ఆపుతారు? వేరే ఆస్పత్రికి మార్చండి.

రాత్రి డ్యూటీ
మాస్టారూ, తేడా అక్కడే ఉంది. మీ నాన్నగారిది గుండె కేసు. రక్తనాళాల్లో నీరు ఎక్కువై ఊపిరితిత్తుల్లోకి దిగుతుంటే లాసిక్స్ ప్రాణం నిలబెడుతుంది. ఈయనకు నీరు పొట్టలో ఉంది, కాళ్లలో ఉంది, ధమనుల్లో మాత్రం చాలట్లేదు. లివర్ గట్టిపడి, పేగుల నుంచి దానికి రక్తం తెచ్చే నాళంలో ఒత్తిడి, అంటే పోర్టల్ ప్రెజర్, పెరిగాక పేగుల వైపు నాళాలు బాగా వెడల్పయి రక్తం అటే నిలుస్తుంది. ఎగువన కాలువకు గండి పడితే శివారు చేలకు నీరందనట్టు, కిడ్నీకి చేరేది తగ్గిపోతుంది. ఆ లోటు తట్టుకోవడానికి శరీరం రెనిన్, అడ్రినలిన్ లాంటివి వదులుతుంది. అవి కిడ్నీ నాళాలను ఇంకా బిగిస్తాయి.

అంటే కిడ్నీ పాడైపోలేదు, రక్తం అందక పని మానేసింది. 1969లోనే అమెరికాలో, ఇలా చనిపోయినవాళ్ల కిడ్నీలను వేరేవాళ్లకు అమర్చితే అవి పనిచేశాయి. ఈ దశలో లాసిక్స్, స్పైరనోలాక్టోన్ ఇస్తే రక్తంలో మిగిలిన కాస్త నీరు పోతుంది, పొట్ట మాత్రం అలాగే ఉంటుంది. సోడియం కూడా పడిపోతుంది.

నొప్పి మాత్ర సంగతి ఇంకా ముఖ్యం. కిడ్నీలోకి రక్తం వెళ్లే సన్న నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వాటి తయారీనే ఆపుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి తెలియదు గానీ, సిరోసిస్ ముదిరినవాళ్ల కిడ్నీ ఆ ఆసరా మీదే నడుస్తుంటుంది. ఇంజెక్షన్ రూపంలో తీసుకున్నా ఫలితం అంతే. మీ మావయ్య బరువెంత? నొప్పి మాత్ర ఎన్నాళ్లు వాడారు? పొట్టలో నీరు తీసి పరీక్షకు పంపారా?

బందరు మేనల్లుడు
60 కిలోలు అండి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ రోజుకు రెండు చొప్పున ఆరు రోజులు వేసుకున్నారు. బీపీకి టెల్మిసార్టాన్ కూడా ఉంది. బీపీ ఇప్పుడు 92/58, సోడియం 126. పొట్ట నీరు పంపారు, ఇన్ఫెక్షన్ లేదన్నారు. స్కానింగ్‌లో కిడ్నీల సైజు నార్మల్, మూత్రంలో ప్రోటీన్ పోవట్లేదట.

రాత్రి డ్యూటీ
అయితే టెల్మిసార్టాన్ కూడా ఆపారో లేదో ఇవాళే అడగండి. అల్బుమిన్ లెక్క సూటిగా ఉంది. కిలోకు ఒక గ్రాము, రోజుకు 100 గ్రాములకు మించకుండా. మీ మావయ్యకు 60 గ్రాములు. 20 శాతం అల్బుమిన్ 100 మి.లీ. బాటిల్లో 20 గ్రాములుంటుంది. మూడు బాటిళ్లే మరి. మామూలుగా రెండు రోజులు ఇచ్చి చూస్తారు.

ఫార్మసీ శ్రీను
రక్తంలో అల్బుమిన్ తక్కువుంటుంది కాబట్టి అది 3 దాటేదాకా ఎక్కిస్తారు. కొనే శక్తి లేకపోతే రోజుకు నాలుగు గుడ్ల తెల్లసొన పెట్టండి, అది కూడా అల్బుమినే.

రాత్రి డ్యూటీ
శ్రీను గారూ, అల్బుమిన్ తక్కువుంటుందన్న మాట నిజమే. కానీ ఇక్కడ ఆ రిపోర్టు అంకె సరిచేయడానికి ఇవ్వట్లేదు, రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచడానికి ఇస్తున్నారు. 2021లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో, ఆస్పత్రిలో చేరిన సిరోసిస్ రోగులకు 3 దాటేలా రోజూ ఎక్కించి చూశారు. లాభం కనబడలేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మాత్రం పెరిగింది. గుడ్డు తినడం మంచిదే, కండ తరిగిపోతున్న మనిషికి ప్రోటీన్ కావాలి. అయితే తిన్న తెల్లసొన అరిగి అమైనో ఆమ్లాలవుతుంది, అల్బుమిన్‌గా సరాసరి రక్తంలో చేరదు.

మేనల్లుడు గారూ, మీరు కనిపెట్టాల్సింది ఊపిరి. బాటిల్ ఎక్కుతుండగా ఆయాసం వచ్చినా, పడుకోలేకపోయినా, ఆక్సిజన్ తగ్గినా వెంటనే సిస్టర్‌ను పిలవండి.

లెక్కల మాస్టారు
సరే, రెండు రోజులంటే ఒప్పుకుంటా. పది రోజులు తెమ్మంటే?

రాత్రి డ్యూటీ
అప్పుడు ప్రశ్న అడిగే హక్కు మీకుంది. క్రియాటినిన్ రోజూ చూస్తున్నారా, మూత్రం కొలుస్తున్నారా, ఆక్సిజన్ ఎంత, ఇవి చెప్పకుండా ఊరికే బాటిళ్లు రాస్తుంటే నేనూ అనుమానిస్తా. రెండు రోజులకీ తగ్గకపోతే వెడల్పయిన నాళాలను బిగించే టెర్లిప్రెసిన్ మొదలుపెడతారు, దాంతో పాటు అల్బుమిన్ రోజుకు 20 నుంచి 40 గ్రాములు కొనసాగుతుంది.

న్యూజెర్సీ కోడలు
మా అత్తగారికి ఇక్కడ 2020లో ఇదే వస్తే మిడోడ్రిన్, ఆక్ట్రియోటైడ్ ఇచ్చారు. టెర్లిప్రెసిన్‌కు ఇక్కడ అనుమతి వచ్చింది 2022లో. దాని ట్రయల్ చదివాను. మందు తీసుకున్నవాళ్లలో 32 శాతం మందికి కిడ్నీ కోలుకుంది, తీసుకోనివాళ్లలో 17 శాతం. కానీ ఊపిరి అందక చనిపోయినవాళ్లు మందు తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ. ఆక్సిజన్ తక్కువున్నవాళ్లకు మొదలుపెట్టకూడదంటారు. డయాలసిస్ చేస్తే సరిపోదా?

రాత్రి డ్యూటీ
డయాలసిస్ కొన్నాళ్లు నడిపిస్తుంది, అసలు జబ్బు లివర్‌ది. మార్పిడికి జాబితాలో ఉన్నవాళ్లకు అది వంతెనలా పనికొస్తుంది. ఆ దారి లేనివాళ్లకు చేయాలా వద్దా అన్నది కుటుంబంతో కూర్చుని మాట్లాడాల్సిన సంగతి. తాగుడు మానేసి ఉంటే లివర్ మార్పిడి కోసం జీవన్‌దాన్ అవయవదాన పథకంలో నమోదు గురించి ఇప్పుడే అడగండి మేనల్లుడు గారూ.

బందరు మేనల్లుడు
అల్బుమిన్ రెండు రోజులూ అయింది. క్రియాటినిన్ 1.6, మూత్రం 900 మి.లీ. టెర్లిప్రెసిన్ అవసరం లేదన్నారు. టెల్మిసార్టాన్ అప్పుడే ఆపారట.

ఐసీయూ రెసిడెంట్
అయితే ఇది లివర్ జబ్బు ముదిరి కిడ్నీ పని మానేసే హెపటోరీనల్ సిండ్రోమ్ కాదు. నొప్పి మాత్రా, బీపీ మందూ కలిసి కిడ్నీని దెబ్బతీశాయి, ఆపగానే తేరుకుంది. రాత్రి డ్యూటీ గారు మొదట్లోనే ఆ జబ్బే అన్నట్టు చెప్పడం తొందరపాటు. ఇంకో మాట, కచ్చితంగా రెండు రోజులు ఆగాలన్నదీ పాత పద్ధతే. 2024 కొత్త మార్గదర్శకాల ప్రకారం 24 గంటలకే నిర్ణయించవచ్చు, రక్తనాళాల్లో నీరు నిండుగా ఉన్నవాళ్లకు అల్బుమిన్ తప్పనిసరి కాదు.

రాత్రి డ్యూటీ
నేను ఆ పేరు పెట్టలేదు, నొప్పి మాత్ర గురించి అడిగింది ఆ అనుమానంతోనే. అయినా మొదటి రోజు మంచం దగ్గర ఆ రెండిటినీ విడదీయడం కష్టం. ఆపేయడం, అల్బుమిన్ ఇచ్చి చూడటం అనేదే పరీక్షగానూ వైద్యంగానూ పనిచేస్తుంది. పొట్ట సంగతి ఎలా ఉన్నా, బీపీ 92/58 ఉన్న ఈయన నాళాల్లో నీరు నిండుగా ఉన్న మనిషి కాదు. 24 గంటల సంగతి ఒప్పుకుంటా. కానీ మన జిల్లా ఆస్పత్రుల్లో క్రియాటినిన్ రిపోర్టు చేతికొచ్చేసరికే ఒక రోజు పోతుంది.

బందరు మేనల్లుడు
పొట్ట ఉబ్బు అలాగే ఉంది. నీటి మాత్రలు మళ్లీ ఎప్పుడు? నడుం నొప్పికి ఏం వాడాలి?

రాత్రి డ్యూటీ
నొప్పికి పారాసెటమాల్, రోజు మొత్తం మీద రెండు గ్రాములు దాటకుండా. కాంబినేషన్ మాత్రల అట్ట వెనక చదవండి, పారాసెటమాల్ పక్కనే ఎసిక్లోఫెనాక్ ఉంటుంది. నీటి మాత్రలు మాత్రం క్రియాటినిన్ పాత స్థాయి దగ్గరకొచ్చి, సోడియం 130 దాటేదాకా నేనైతే ఇవ్వను. అంతవరకూ ఇబ్బందిగా ఉంటే సూదితో కొంత నీరు తీయించి, ఐదు లీటర్లు దాటితే లీటరుకు 8 గ్రాముల అల్బుమిన్ ఇస్తా.

ఐసీయూ రెసిడెంట్
నేను అంత ఆగను. క్రియాటినిన్ 1.2కి వచ్చాక స్పైరనోలాక్టోన్ 50తో మొదలుపెట్టి మూడో రోజు రక్త పరీక్ష చేస్తా. పదే పదే సూదితో తీస్తుంటే ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది.

రాత్రి డ్యూటీ
పొటాషియం చూడకుండా స్పైరనోలాక్టోన్ వద్దు. మిగతాది ఆయన డాక్టర్ నిర్ణయం, మేనల్లుడు గారూ. సోడియం, పొటాషియం రేపటి అంకెలు ఇక్కడ పెట్టండి.