ఎనిమిదో వరుసలో 8 రెండో గడిలోనా, మూడో గడిలోనా?

మాధవి: స్క్రీన్‌షాట్‌లోని సుడోకును ఖాళీలకు సున్నాలు పెడుతూ ఇలా ఎక్కించాను. ఎనిమిదో అడ్డు వరుసలో 8 తప్పనిసరిగా మూడో గడిలోకే వస్తోంది. జవాబులో మాత్రం రెండో గడిలో ఉంది. తప్పు జవాబుదా, నా తర్కానిదా?

```
530070000
600195000
980000060
800060003
400803001
700020006
060000280
000419005
000080079
```

ఫణి: జవాబే తప్పు. బొమ్మలో 30 అంకెలుంటే మీ పట్టికలోనూ 30 ఉన్నాయి, ఎక్కడా ఏ అంకే రెండుసార్లు రాలేదు. నట్టనడి గడి చూడండి. దాని అడ్డు వరుసలో 4, 8, 3, 1, నిలువు వరుసలో 7, 9, 6, 2, 1, 8 ఉన్నాయి. మిగిలేది 5 ఒక్కటే. జవాబులోనూ అక్కడ 5 ఉంది కదా!

సుజాత: నాకూ ఇలాగే అయింది. ఆడుతూ మధ్యలో తీసిన బొమ్మలో నేను నింపిన నీలం అంకెలను కూడా ఎక్కించేశాను. ఒకసారి రంగు చూడండి.

రాఘవరావు: సుజాత గారూ, ఈ బొమ్మలో అన్నీ నల్ల అంకెలే. మాధవి గారి తర్కంలోనూ లోపం లేదు. ఎడమవైపు అడుగు పెట్టెలో 8 ఎక్కడ పడుతుంది? ఏడో వరుసలో, తొమ్మిదో వరుసలో 8 ఉంది కాబట్టి ఎనిమిదో వరుసే దిక్కు. మొదటి నిలువు వరుసలో 8 ఉంది, ఆ గడి పోయింది. ఇక రెండో గడా, మూడో గడా అనేది మూడో అడ్డు వరుసలోని 8 ఏ నిలువులో ఉందన్న దాన్ని బట్టే తేలుతుంది. బొమ్మలో ఆ వరుస `098000060`. మొదటి ఖాళీ జారిపోయి, ఆ సున్నా మధ్యలో చేరింది. వరుసకు తొమ్మిది సరిపోయాయి కాబట్టి అనుమానం రాలేదు. 8 అసలు చోటైన మూడో నిలువులో ఉంటే, మిగిలేది రెండో గడే.

ఫణి గారి 5 నిజమే, కానీ దానికి మూడో వరుసతో పనే లేదు. అక్కడ ఎంత జారినా 5 వస్తుంది. అందుకే ఎక్కించాక నిలువుగా మళ్లీ చదవాలని పట్టుబడతాను. బొమ్మలో మూడో నిలువులో 8 ఉంది, పై పట్టికలో ఆ నిలువు మొత్తం ఖాళీ. పైగా ఈ పజిల్‌ను తలకిందులు చేసినా నిండిన గడుల అమరిక మారదు. మూడో వరుస మొదటి గడి నిండితే ఏడో వరుస చివరి గడి నిండాలి. అది ఖాళీ.

ఫణి: 8 సంగతి ఒప్పుకుంటాను. అమరిక సంగతి ఒప్పుకోను, అది సుడోకు నియమం కాదు, అలా లేని పజిళ్లు బోలెడు. నిలువుగా చదివినా చోటు తప్పే దొరుకుతుంది, ఆకారం తప్పు దొరకదు. ఐదో వరుస చివరి 1ని 7 అని చదివితే రెండుసార్లూ 7 అనే చదువుతాం. వరుసలోనూ, నిలువులోనూ, పెట్టెలోనూ మరో 7 లేదు. నడిమి 5 కూడా మారదు.

రాఘవరావు: దానికి బొమ్మను పెద్దది చేసి 1, 7లను విడిగా పోల్చడమే నేను చేసేది. అమరికను మాత్రం వదలను. నియమం కాకపోయినా, ఒక్క గడి దగ్గరే చెడితే ముందు ఆ గడినే చూస్తాను.

మాధవి: మూడో వరుస సరిచేశాను, 8 రెండో గడిలోకి వచ్చింది. 5 తర్వాత ఐదో నిలువులో 3, 4 మిగిలాయి. కింది పెట్టెలో 4 ఉంది కాబట్టి ఏడో వరుసలో 3 పెట్టాను, మూడో వరుసలో 4.