తిరుపతిలో అద్దెకే ఉండాలా, ఫ్లాట్ కొనేయాలా?

రేణిగుంట ఉద్యోగి: విశాఖ నుంచి బదిలీ మీద వచ్చాను. ఇప్పుడు బైరాగిపట్టెడలో 13,000 అద్దె కడుతున్నాం. అవిలాల వైపు ఒక ఫ్లాట్ 50 లక్షలు చెప్తున్నారు. చేతిలో రిజిస్ట్రేషన్ ఖర్చు పోను 10 లక్షలుంది, మిగతాది లోను. మూడేళ్లకు మళ్లీ బదిలీ కావచ్చు. ఏం చేయమంటారు?

కొర్లగుంట అన్న: అద్దె అంటే నీళ్లలో పోసినట్టే. కొండ కింద స్థలం రేటు తగ్గేది లేదు. కొనెయ్.

లోను లెక్కల అక్క: అన్న మాటలో సగం నిజం ఉంది. భూమి రేటు పెరగొచ్చు, కానీ తమ్ముడు కొనేది ఫ్లాట్. భూమిలో వాటా కొంచెమే వస్తుంది, కట్టడం ఏటా పాతబడుతుంది. 40 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు దాదాపు 34,700 కంతు. మొదటి ఏడాది అందులో సుమారు 28,000 వడ్డీకే పోతుంది. అంటే అద్దె కన్నా నెలకు 15,000 ఎక్కువ. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, 3.75 లక్షలు వేరే. మూడేళ్లకు అమ్మాల్సి వస్తే అటూ ఇటూగా 59 లక్షలు పలికితేనే నష్టం లేకుండా బయటపడతావు. నీ పది లక్షలకు వచ్చే వడ్డీ, మెయింటెనెన్స్ ఇందులో కలపలేదు. నాకైతే అద్దే మేలనిపిస్తోంది.

పుత్తూరు రైతుబిడ్డ: మాకు పుత్తూరులో ఐదు సెంట్లు ఉండాది. దాన్ని అమ్మి తిరుపతిలో ఇల్లు కొనొచ్చా?

లోను లెక్కల అక్క: అది వేరే లెక్క తమ్ముడూ. లోను లేకుండా కొంటే పై వడ్డీ ఉండదు. విడిగా అడుగు, చెప్తా.

దస్తావేజుల పెద్దాయన: లెక్క కన్నా ముందు సర్వే నంబరు అడుగు బాబూ. ఈ ఊరి చుట్టూ మఠం భూములు, దేవాదాయ భూములు చాలా ఉన్నాయి. వాటి మీద మేడలు లేచాయి, ఇంటి పన్ను కడుతున్నారు, కరెంటు మీటర్లూ ఉన్నాయి. అవన్నీ చూసి హక్కు ఉందనుకోవద్దు. 22ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరుంటే రిజిస్ట్రేషనే కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ జాబితా చూడు, ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ 30 ఏళ్లకు తీయించు. నోటరీ కాగితం మీద రాసిస్తామన్నా, ఫలానా ఫైనాన్సులోనే లోను తీసుకోమన్నా అక్కడే ఆగు. జాతీయ బ్యాంకు లాయరు పత్రాలు చూసి కాదంటే ఎందుకో అడిగి తెలుసుకో.

ఎం.ఆర్.పల్లె గృహిణి: 2021 నవంబరు వానల్లో ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటి వాళ్లనడగండి. అమ్మేవాళ్లు చెప్పరు. వేసవిలో బోరు ఎండిపోతే ట్యాంకరు ఖర్చెంతో కూడా కనుక్కోండి. ఏడాది అక్కడే అద్దెకుంటే ఇవన్నీ మీకే తెలిసిపోతాయి.

కొర్లగుంట అన్న: ఏడాది ఆగితే రేటు పెరిగిపోతే?

లోను లెక్కల అక్క: పెరగొచ్చు అన్నా, కాదనను. బదిలీ ఉండదని తేలితే నేనూ కొనమనే చెప్తా.

రేణిగుంట ఉద్యోగి: సర్వే నంబరు అడిగితే బిల్డరు "అడ్వాన్సు ఇచ్చాక పత్రాలన్నీ చూపిస్తాం" అన్నాడు.

దస్తావేజుల పెద్దాయన: నంబరు చేతికి రాకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.