కాలు–కాళ్లు: ఈ ‘ళ’ ఎక్కడ్నించి వచ్చింది? ఇంటర్నల్ రీకన్‌స్ట్రక్షన్ డౌట్

తిరుపతి ఎమ్మే స్టూడెంట్: అందరికీ నమస్తే. లింగ్విస్టిక్స్ అసైన్‌మెంట్ ఒకటి ఉండాది. వేరే భాషతో పోల్చకూడదు, శాసనాలు చూడకూడదు, ఇప్పటి తెలుగులో ఉండే రూపాలు మాత్రం పెట్టుకోని పాత తెలుగు గురించి ఒక్క విషయం తేల్చాలంట. నేను కాలు–కాళ్లు తీసుకున్నా. అన్నలు, గుర్రాలు, చెట్లు, యాడ చూసినా బహువచనానికి ‘లు’నే గదా, మరి కాలుకి లు చేరిస్తే ‘కాల్లు’ కావల్ల, ళ్లు ఎందుకయింది? ఈడే ఆగిపోయినా.

పుత్తూరు అన్న: సింపుల్ తమ్ముడూ. మొదట్లో కాలులోనే ళ ఉండుంటాది, తర్వాత ల అయిపోయింది. మా పక్క తమిళమోళ్లు ముళ్ అంటారు, మనం ముల్లు అంటాం. అట్లే ఇది కూడా.

మదనపల్లె అక్క: మా పాప పరీక్షలో ‘పండ్లు’ అని రాస్తే టీచర్ కొట్టేసి ‘పళ్లు’ అని దిద్దింది. మా ఇంట్లో అందరం పండ్లు, ఇండ్లు, కండ్లు అనే అంటాం. ఇది తప్పా సార్ ఎవరన్నా చెప్పండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, చిత్తూరు: అమ్మా, తప్పేం కాదు, పండుకి లు చేరి మధ్యలో ఉకారం పోతే వచ్చేది పండ్లే, అది ఇంకా అరిగితే పళ్లు. మీ పాపది ముందు మెట్టు, అంతే.

పుత్తూరు బాబు ముల్లు గురించి చెప్పింది నిజమే గానీ కాలుకి అది అతకదు, తమిళంలో కూడా కాల్ అని ల తోనే ఉంది. సరే, తమిళం పక్కన పెట్టు, ఈ అసైన్‌మెంట్లో అది దొంగతనం కింద లెక్క. తెలుగులోనే చూడు నాయనా: కాలు–కాళ్లు, వేలు–వేళ్లు, ఊరు–ఊళ్లు, గోరు–గోళ్లు, కూతురు–కూతుళ్లు. ఏకవచనంలో ఒకచోట ల ఉంది, ఒకచోట ర ఉంది, ళ ఎక్కడా లేదు. ప్రతి మాటలోనూ ఒకప్పుడు ళ ఉండి పోయిందని అనుకునేదానికన్నా, అన్నిటికీ కామన్‌గా చేరిన ప్రత్యయంలోనే ళ ఉండిందనుకుంటే ఒక్క ఊహతో పని అయిపోతుంది. అంటే ప్రత్యయం ఒకప్పుడు ‘ళు’. కాల్+ళు, ఊర్+ళు కలిసిపోయి కాళ్లు, ఊళ్లు అయినాయి, ఆ తర్వాత మిగతాచోట్ల ఒంటరి ళ అంతా ల అయింది, అన్నళు అన్నలయింది. ఈ వరస తిరగేస్తే కుదరదు, ముందే ళు కాస్తా లు అయ్యుంటే ఈ రోజు మనం కాల్లు అనే అనేవాళ్లం.

తిరుపతి ఎమ్మే స్టూడెంట్: సార్, రెండు ల లు పక్కపక్కన వస్తే ళ్ల అయిపోతుంది అని ఒక రూల్ పెట్టేస్తే చాలదా? పాత ప్రత్యయం దాకా ఎందుకు పోవాల?

మాస్టారు: మంచి ప్రశ్న. ఆ రూలే ఉంటే తల్లి, పిల్లి, బల్లి కూడా తళ్లి, పిళ్లి అయిపోవాల గదా. అవి మాట లోపలివి, ప్రత్యయం అతికేచోట వేరే రూల్ అని ఎవరన్నా వాదిస్తే మటుకు తెలుగు ఒక్కటే పెట్టుకోని వాళ్ల నోరు మూయించలేం, ఆ మాట కూడా రాసేయి.

పుత్తూరు అన్న: అయితే రైలు–రైళ్లు, హోటలు–హోటళ్లు సంగతేంది సార్? రైలు కూడా పాత తెలుగేనా 😀

మాస్టారు: దొరికించుకున్నావు. ల తో ముగిసే మాటలకి ఆ మూస ఇంకా బతికే ఉంది, కొత్త మాట ఏది వచ్చినా అందులో పడిపోతుంది. అందుకే రైళ్లు సాక్ష్యానికి పనికిరాదు, రైలు పుట్టేనాటికి ఆ పాత ‘ళు’ ఎప్పుడో పోయింది. ర తో ముగిసేవాటికి ఆ మూస చచ్చిపోయింది, అందుకే కారు కార్లు అవుతుంది గానీ కాళ్లు కాదు. కాబట్టి నీ ఆధారం ఊళ్లు, గోళ్లు లాంటి వాటి మీద ఎక్కువ పెట్టుకో.

తిరుపతి ఎమ్మే స్టూడెంట్: మరి పేరు–పేర్లు? అది కొత్త మాట కాదే.

మాస్టారు: అదే నాకూ కొరకరాని కొయ్య. ఒకప్పుడు పేళ్లు ఉండి తర్వాత దిద్దుకుందో, మొదటినుంచీ వేరేనో లోపలి రూపాలతో తేలదు. మినహాయింపు అని పేరు పెట్టి దాచొద్దు, అట్లే చూపించు.

మార్కులకి కాదుగానీ నీ తృప్తికి ఒకటి చెప్తా. కడప జిల్లా కలమళ్ల శాసనంలో, 575 నాటిది అంటారు, ‘రేనాణ్డు ఏళన్’ అని ఉంది. ఇప్పుడు మనం ‘ఏలు’ అంటాం. ఇప్పుడు ల ఉన్నచోట, అచ్చుల మధ్య, ఒకప్పుడు ళ ఉండిందని రాతి మీదే ఉంది.

పుత్తూరు అన్న: ఇంకొకటి సార్. జంటగా ఉండే ళ్ల నిలబడింది అంటారు గదా, మరి తమిళంలో కళ్లు అనేది మన దగ్గర కల్లు ఎందుకయింది, దాంట్లోనూ జంటే గదా?

మాస్టారు: అక్కడ ముందు కళ్ అని ఒంటరి ళ ఉండి, అది ల అయినాక ఉ చేరి జంటయిందని చెప్పుకోవచ్చు. కానీ నాకే పూర్తిగా నమ్మకం కుదరలా. పైగా తమిళం లేకపోతే కల్లులో ళ ఉండిందనే ఊహ కూడా మనకు తట్టదు.

మదనపల్లె అక్క: సార్ ఇంతకీ ఆ మార్కు మళ్లీ వేయించుకోవచ్చా?