ఇరాన్ కొత్త సంవత్సరం నౌరూజ్ క్షణం 12:31కి వస్తే ఫర్వర్దీన్ 1 ఆ రోజా, మర్నాడా?

దుబాయ్_శీను: 2025లో ఇరాన్ వాళ్ల 1404వ సంవత్సరం మార్చి 20న టెహ్రాన్ టైం 12:31కి వచ్చింది, మా ఆఫీసులో ఇరానీ వాళ్లు సరిగ్గా ఆ నిమిషానికి లేచి కౌగిలించుకున్నారు. క్యాలెండర్‌లో మాత్రం ఏడాదిలో మొదటి రోజు ఫర్వర్దీన్ 1 అంటే మార్చి 21 అని ఉంది. ఎందుకలా?

నర్సీపట్నం_రమణ: పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు కదండీ అది, రోజంతా అదే, అందులో నిమిషం ఎక్కడిది? ఊరికే పట్టింపు.

పంతులు_గారబ్బాయి: మన ఉగాది 2025లో మార్చి 30. చంద్రుణ్ణి కూడా చూడాలి కదా వాళ్లు?

వేధశాల_రావు: చంద్రుడితో పనిలేదు బాబూ, అది పూర్తిగా సూర్యుడి లెక్క. రమణ గారూ, పగలూ రాత్రీ సమానం అనేది సుమారు మాటే. హైదరాబాద్‌లో అయితే దాదాపు వారం ముందే పగలు పన్నెండు గంటలు దాటేస్తుంది, ఎందుకంటే సూర్యుడి పై అంచు కనబడితేనే సూర్యోదయం అంటాం, పైగా గాలి ఆ అంచుని ఇంకాస్త పైకి లేపి చూపిస్తుంది. అసలు క్షణం, వసంత విషువత్తు అంటే, సూర్యబింబం మధ్య బిందువు భూమధ్యరేఖను దక్షిణం నుంచి ఉత్తరానికి దాటడం. కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. బింబం వెడల్పు దాదాపు 32 కళలు, ఆ రోజుల్లో ఉత్తరానికి జరిగేది గంటకి ఒక కళ, అంటే బింబం మొత్తం దాటడానికి ఒక రోజు మీద ఇంకో ఏడెనిమిది గంటలు పడుతుంది. కంటితో చూసి "ఇదిగో ఇప్పుడే" అనలేం.

నర్సీపట్నం_రమణ: మరి పూర్వం ఎలా పట్టుకున్నారు?

వేధశాల_రావు: రెండు మధ్యాహ్నాల మధ్య. ఇవాళ మధ్యాహ్నం సూర్యుడు రేఖకి 10 కళలు దక్షిణంగా ఉన్నాడనుకోండి, రేపు 14 కళలు ఉత్తరంగా. మొత్తం 24 కళలు 24 గంటల్లో, కాబట్టి దాటింది ఇవాళ్టి మధ్యాహ్నం తర్వాత పది గంటలకి, అంటే రాత్రి పదికి. కొలతలో ఒక్క కళ తేడా పడితే క్షణం గంట అటూ ఇటూ పోతుంది. శీను గారికి జవాబు కూడా ఇందులోనే ఉంది. టెహ్రాన్ మధ్యాహ్నానికి సూర్యుడు మొదటిసారి ఉత్తరాన ఉన్న రోజే ఫర్వర్దీన్ 1. 2024లో ఉదయం 6:36కే దాటాడు కాబట్టి మార్చి 20. 2025లో మధ్యాహ్నానికి ఇంకా అర కళ దక్షిణంలోనే ఉన్నాడు, అందుకే మార్చి 21. అలా 1403కి 366 రోజులు, ఆఖరి నెల ఎస్ఫంద్‌కి 30వ తేదీ వచ్చింది.

కోడ్_కిరణ్: ఆ ఎస్ఫంద్ 30 వల్లే నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. మా పేరోల్ ప్రోగ్రాంలో వాడిన లైబ్రరీ 1403-12-30 అసలు లేని తేదీ అంది, 1404ని లీపు సంవత్సరం చేసింది. అందులో ఉన్నది 2820 ఏళ్ల చక్రం, లెక్క ఎంత శుభ్రంగా ఉంటుందో తెలుసా.

వేధశాల_రావు: శుభ్రంగానే ఉంటుంది, తప్పు సంవత్సరానికి. దాని సగటు ఏడాది 365.2422 రోజులు, కానీ వసంత విషువత్తు నుంచి మళ్లీ వసంత విషువత్తుకి ఈ కాలంలో 365.2424 రోజులు. పాత 33 ఏళ్ల రూలు పెట్టి ఉంటే మీకు సరిగ్గానే వచ్చేది:

```
(25*y + 11) % 33 < 8
```

కోడ్_కిరణ్: అంటే నాదే తప్పంటారా! సగటు మారిస్తే సరిపోతుందా, ఒక్కో ఏడూ ఒక్కోలా జరుగుతుందిగా? 2024 నుంచి 2025కి 365 రోజుల మీద 5 గంటల 55 నిమిషాలు, ఆ తర్వాత ఏడాది 5 గంటల 45 నిమిషాలు. దీన్ని క్యాలెండర్ అంటారా?

వేధశాల_రావు: అది చంద్రుడూ మిగతా గ్రహాలూ భూమిని లాగడం వల్ల, దానికీ ముందే లెక్క ఉంది. మీ కోపం సూర్యుడి మీదా లైబ్రరీ మీదా?

పాతబస్తీ_జెహ్రా: ఇద్దరూ ఆగండి. బహాయీ మతం వాళ్లు కూడా టెహ్రాన్‌నే తీసుకుంటారు, కానీ వాళ్ల గీత సూర్యాస్తమయం, అందుకే 2025లో వాళ్ల నౌరూజ్ మార్చి 20నే. అదే ఊరు, అదే క్షణం, రోజులు మాత్రం రెండు.

కోడ్_కిరణ్: నేను మొదట్నుంచీ అడగాల్సింది ఇదే రావు గారూ. టెహ్రాన్ మధ్యాహ్నం అంటే గడియారందా, అక్కడి సూర్యుడిదా? గడియారం 52.5 డిగ్రీల రేఖది, ఊరేమో అంతకంటే పడమర, మార్చి 20న అక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేది సుమారు 12:11కి. ఏదో ఒక ఏడు క్షణం 12:05కి పడితే?

వేధశాల_రావు: 2025లో 12:31 కాబట్టి రెండు లెక్కలకీ అదే జవాబు. 12:05కి పడితే మాత్రం మీరన్నదే అసలు తగాదా. నన్నడిగితే సూర్యుడిదే. అదే ఊళ్లో నిలబడి చూసేవాడికి కనబడేది అది.

కోడ్_కిరణ్: నన్నడిగితే గడియారందే. జీతం వేసేవాడికి ముందే తెలియాలి.

దుబాయ్_శీను: మా వాళ్లు కౌగిలించుకుంది 1403లో ఆఖరి రోజున అన్నమాట. రేపు వాళ్లకి చెప్తాను.